రిట్ పిటిషన్‌లో కాజ్ టైటిల్‌కూ ప్రేయర్‌కూ పొంతన ఎలా సరిచూడాలి

ప్రశ్న: హైకోర్టులో సీనియర్ గారి దగ్గర రిట్ పిటిషన్లు డ్రాఫ్ట్ చేస్తున్నాను. కాజ్ టైటిల్‌కూ ప్రేయర్‌కూ పొంతన లేదని రిజిస్ట్రీ నుంచి రిటర్న్ అవుతున్నాయి. రెండు మూడు సార్లు చదివే ఫైల్ చేస్తున్నాను, అయినా తప్పు కంటికి ఆనట్లేదు. సరిచూడటానికి ఒక పద్ధతి ఉంటే చెప్పండి.

జవాబు:

మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుకుంటూ పోతే ఈ తప్పులు దొరకవండి. ప్రేయర్ అంటే అర పేజీ పొడవున్న ఒకే వాక్యం. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసినవాళ్లకు ముందే తెలుసు కాబట్టి కన్ను అక్షరాల మీద నిలవదు. కాగితం మీద "5వ రెస్పాండెంట్" అని ఉన్నా మనసు "తహశీల్దారు" అనే చదువుకుంటుంది. అందుకే చదవడం మానేసి లెక్క సరిచూసినట్టు సరిచూడాలి. ప్రేయర్‌లో ఉన్న ప్రతి అంకెనూ కాజ్ టైటిల్‌లో వెతికి పట్టుకోవాలి. ఆ తర్వాత కాజ్ టైటిల్‌లో ఉన్న ప్రతి పార్టీకీ ప్రేయర్‌లో చోటు ఎక్కడుందో చూడాలి. ఈ రెండు దిక్కులూ తిరిగితేనే పని పూర్తయినట్టు. చాలామంది మొదటిది చేసి ఆగిపోతారు. పెద్ద తప్పులు రెండోదానిలోనే బయటపడతాయి.

ఒక ఊహాజనిత కేసు తీసుకుందాం. చీరాల రెవెన్యూ డివిజన్‌లోని ఒక మండలంలో ఇద్దరు అన్నదమ్ములకు సర్వే నెంబరు 214/2ఎ లో 1.86 ఎకరాల పట్టా భూమి ఉంది. తహశీల్దారు వీళ్లకు నోటీసు ఇవ్వకుండా 14-06-2024న ఆర్.సి. నెం. 312/2024/బి ప్రొసీడింగ్స్ ఇచ్చి, రెవెన్యూ రికార్డుల్లో వీళ్ల పేర్లు తీసేసి పక్క రైతు పేరు ఎక్కించారు. అన్నదమ్ములు ఆర్డీవోకి అప్పీలు వేశారు. పాత నమూనా దగ్గర పెట్టుకుని రిట్ డ్రాఫ్ట్ చేసినప్పుడు కాజ్ టైటిల్‌లో రెస్పాండెంట్లు ఇలా ఉన్నారు:

1. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, రెవెన్యూ శాఖ ప్రిన్సిపల్ సెక్రటరీ ద్వారా, సచివాలయం, వెలగపూడి
2. జిల్లా కలెక్టర్
3. జాయింట్ కలెక్టర్
4. రెవెన్యూ డివిజనల్ ఆఫీసర్
5. తహశీల్దారు
6. పక్క రైతు

సీనియర్ డ్రాఫ్ట్ చూసి, జాయింట్ కలెక్టర్ దగ్గర ఏ ప్రొసీడింగూ లేదు కదా అని మూడో పేరు కొట్టేశారు. టైపిస్టు కాజ్ టైటిల్‌లో ఆ లైను తీసి, కింది నెంబర్లు సర్దేశారు. ఇప్పుడు ఆర్డీవో 3, తహశీల్దారు 4, పక్క రైతు 5. ప్రేయర్ ఉన్నది మాత్రం పదో పేజీలో. అక్కడ "5వ రెస్పాండెంట్ ప్రొసీడింగ్స్ జారీ చేయడం చట్టవిరుద్ధమని ప్రకటించి" అనే మాట అలాగే ఉండిపోయింది. మధ్యంతర ప్రేయర్‌లో "6వ రెస్పాండెంట్" కూడా అలాగే ఉంది.

వీటిలో ఆరో నెంబరు తప్పు అంత ప్రమాదం కాదు. ఆరో రెస్పాండెంటే లేరు కాబట్టి స్క్రూటినీలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఐదో నెంబరు తప్పే ప్రమాదం, ఎందుకంటే ఐదో రెస్పాండెంట్ ఉన్నారు, ఆయన ప్రైవేటు వ్యక్తి. ఆ ప్రేయర్ ప్రకారం ప్రొసీడింగ్స్ జారీ చేసింది పక్క రైతు! మన హైకోర్టు ఆర్డరు కాపీ మొదట్లో, అఫిడవిట్‌లోని పరిస్థితుల దృష్ట్యా ఫలానా రిట్ జారీ చేయమని కోరుతూ వేసిన పిటిషన్ అంటూ మీ ప్రేయర్‌నే ఎత్తి రాస్తారు. ఫైలింగ్‌లో ఎవరూ పట్టుకోకపోతే మీ తప్పు ఆర్డరులోకి నడిచి వెళుతుంది. స్టే వచ్చాక ఆ కాపీ పట్టుకుని మండల ఆఫీసుకు వెళితే, ఇందులో నా ప్రస్తావన ఎక్కడుందని తహశీల్దారు అడగవచ్చు.

అందుకని మొదట కాజ్ టైటిల్‌ను ఖాయం చేసుకోండి. ఎవరు ఉండాలి, ఏ వరుసలో ఉండాలి అన్నది సీనియర్‌తో తేల్చుకుని, ఆ పేజీ ఒక్కటే ప్రింటు తీసి పక్కన పెట్టుకోండి. ఇక మీదట కొలత కర్ర ఆ కాగితమే. ప్రేయర్‌ను ఇంకో కాగితం మీద ముక్కలుగా విడగొట్టండి. దాదాపు ప్రతి రిట్ ప్రేయర్‌లోనూ ఐదు ముక్కలుంటాయి: ఏ రిట్, ఎవరి చర్య, ఏ కాగితం ద్వారా, ఏ చట్టానికి విరుద్ధం, తత్ఫలితంగా ఎవరు ఏం చేయాలి. ఒక్కో ముక్కకూ ఒక్కో లైను కేటాయించి, దాని ఎదురుగా అందులోని అంకెలూ హోదాలూ మాత్రమే రాయండి. మన కేసులో రెండో లైను ఎదురుగా "5, తహశీల్దారు" అని రాయగానే, పక్కనున్న కాజ్ టైటిల్‌లో ఐదో పేరు చూస్తే తేడా తెలిసిపోతుంది. వాక్యంలో ఉన్నప్పుడు దాక్కున్న అంకె విడిగా రాస్తే దాక్కోలేదు.

తర్వాత కంప్యూటర్ మీద `Ctrl+F` కొట్టి `respondent` అని వెతకండి. అఫిడవిట్‌లో ఎన్ని చోట్ల వస్తే అన్ని చోట్లా ఆగి, ఆ పేరాలో చెప్పిన పని ఆ నెంబరు వ్యక్తిదేనా అని చూడండి. `4th`, `No.4`, `R4` అని కూడా విడివిడిగా వెతకాలి, ఎందుకంటే ఒకే డ్రాఫ్ట్‌లో ముగ్గురు మూడు రకాలుగా రాసి ఉంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త. నెంబర్లు మార్చడానికి మొత్తం ఒకేసారి మార్చే `Replace All` వాడవద్దు. 4ను 3గా, 5ను 4గా మార్చే క్రమం తారుమారైతే తహశీల్దారూ ఆర్డీవో ఒకే నెంబరులోకి వచ్చేస్తారు, తర్వాత విడదీయడం నరకం. అసలు మంచి అలవాటు ఏమిటంటే, డ్రాఫ్ట్ ఖాయమయ్యేదాకా నెంబర్లే వేయకుండా `[TAHSILDAR]`, `[RDO]` అని బ్రాకెట్లలో హోదాలే పెట్టుకోవడం. కాజ్ టైటిల్ తేలాక చివర్లో నెంబర్లు వేసి, ఇంకా ఏమైనా మిగిలాయేమోనని `[` గుర్తు కోసం ఒకసారి వెతికితే సరిపోతుంది.

ఇప్పుడు రెండో దిక్కు. కాజ్ టైటిల్ కాగితం తీసుకుని ఒక్కో రెస్పాండెంట్ దగ్గరా ఆగి, ఈయన ఎందుకున్నారు అని అడగండి. జవాబు మూడింటిలో ఒకటై ఉండాలి: ఆయన చర్యను సవాలు చేస్తున్నాం, లేదా ఆయన్ను ఏదో చేయమని అడుగుతున్నాం, లేదా మనం అడిగింది కోర్టు ఇస్తే ఆయనకు నష్టం. మొదటి రెస్పాండెంటైన రాష్ట్ర ప్రభుత్వం, పర్యవేక్షణ అధికారిగా కలెక్టర్ ఉండటం మామూలే, వాళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. పక్క రైతు మూడో కోవలోకి వస్తారు. ఆయన పేరు రికార్డుల్లోంచి తీయమని అడుగుతూ ఆయన్ను పార్టీగా చేర్చకపోతే పిటిషన్ నిలవదు.

మూడో రెస్పాండెంట్ ఆర్డీవో దగ్గరకు వచ్చేసరికి మన కేసులో చిక్కు కనిపిస్తుంది. ప్రేయర్‌లో ఆయన మాటే లేదు. మరి ఎందుకు చేర్చినట్టు? ఫైలు తిరగేస్తే, ప్రేయర్ టైపు చేసిన తర్వాత 23-08-2024న ఆర్డీవో అప్పీలు కొట్టేసిన కాపీ వచ్చింది. దాన్ని మెటీరియల్ పేపర్లలో జత చేశారు, అఫిడవిట్‌లో ఒక పేరా కూడా కలిపారు, ప్రేయర్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఈ స్థితిలో కోర్టు మీరు అడిగినదంతా ఇచ్చినా, తహశీల్దారు ఉత్తర్వు రద్దయి, దాన్ని ఖాయం చేసిన ఆర్డీవో ఉత్తర్వు అలాగే నిలబడి ఉంటుంది. అవతలి పక్షం మొట్టమొదట ఎత్తిచూపే లోపం ఇదే. రిజిస్ట్రీ రిటర్న్ చేసే తప్పులకంటే, రిటర్న్ కాకుండా బెంచి దాకా వెళ్లే ఇలాంటి తప్పుల గురించే ఎక్కువ భయపడాలి. ఇది అచ్చుతప్పు కాదు, అడగాల్సిన ఉపశమనమే అడగకపోవడం. ఇలాంటిది కనబడితే మీరే దిద్దేయకుండా సీనియర్‌కు చూపించండి. రివిజన్ అవకాశం ఉండగా నేరుగా రిట్ ఎందుకు వేస్తున్నామో అఫిడవిట్‌లో చెప్పారా లేదా అన్నది కూడా ఆయన అప్పుడే చూసుకుంటారు.

దిద్దిన తర్వాత ప్రేయర్ సారాంశం ఇలా ఉండాలి (పిటిషన్‌లో ఇంగ్లీషులోనే ఉంటుంది, పొందిక తెలియడానికి తెలుగులో రాస్తున్నాను): "పిటిషనర్లకు నోటీసు ఇవ్వకుండా 4వ రెస్పాండెంట్ 14-06-2024 నాటి ఆర్.సి. నెం. 312/2024/బి ప్రొసీడింగ్స్ జారీ చేయడం, వాటిని 3వ రెస్పాండెంట్ 23-08-2024 నాటి ఉత్తర్వుతో ఖాయం చేయడం చట్టవిరుద్ధమనీ, రాజ్యాంగం 14, 300-ఎ అధికరణలకు విరుద్ధమనీ ప్రకటించి, ఆ రెంటినీ రద్దు చేసి, సర్వే నెం. 214/2ఎ లోని 1.86 ఎకరాలకు పిటిషనర్ల పేర్లు రికార్డుల్లో పునరుద్ధరించమని 4వ రెస్పాండెంట్‌ను ఆదేశించాలి." ఆర్డీవో ఉత్తర్వుకు ఉన్న ఫైలు నెంబరు కూడా అసలు ప్రేయర్‌లో తప్పకుండా ఉండాలి.

ఇందులో "పిటిషనర్లు" అన్న బహువచనం చూడండి. కాజ్ టైటిల్‌లో ఇద్దరు అన్నదమ్ములుండి, పాత నమూనా నుంచి వచ్చిన ప్రేయర్‌లో "పిటిషనర్ పేరు" అని ఏకవచనం ఉంటే, ఉపశమనం ఒక్కరికే అడిగినట్టవుతుంది. అఫిడవిట్ సాధారణంగా మొదటి పిటిషనరే ఇస్తారు కాబట్టి లోపలంతా "నేను", "నా భూమి" అని నడుస్తుంది. రెండో పిటిషనర్ తరఫున కూడా ప్రమాణం చేస్తున్నానన్న మాట మొదటి పేరాలో ఉండాలి. వకాలత్ మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఇంగ్లీషులో `his`, `their` కూడా ఇలాగే వెతకాలి. భర్త పోయిన మహిళ పిటిషనర్‌గా ఉన్న కేసులో `his possession` అని మిగిలిపోవడం చాలా తరచుగా జరుగుతుంది.

ఇక అంకెలు. ప్రొసీడింగ్స్ నెంబరు, తేదీ, సర్వే నెంబరు, విస్తీర్ణం: ఈ నాలుగూ అఫిడవిట్ పేరాలో, అఫిడవిట్ చివరి ప్రేయర్‌లో, రిట్ పిటిషన్ ఫారంలో, ఐ.ఏ.లో, తేదీల పట్టికలో, మెటీరియల్ పేపర్ల సూచికలో వస్తాయి. అంటే ఒకే నెంబరు ఆరు చోట్ల. వీటిని ఒకదానితో ఒకటి పోల్చడం దండగ, ఆరు చోట్లా ఒకే తప్పు కాపీ అయి ఉండవచ్చు. ప్రతిదాన్నీ అసలు ఉత్తర్వు కాపీతోనే పోల్చాలి. ఇద్దరు కూర్చుని, ఒకరు ఉత్తర్వు చేత్తో పట్టుకుని ఒక్కో అంకె విడిగా పైకి చదవాలి ("మూడు, ఒకటి, రెండు, బై, రెండు సున్నా రెండు నాలుగు, బై, బి"), రెండోవాళ్లు డ్రాఫ్ట్‌లో వేలు పెట్టి చూడాలి. డ్రాఫ్ట్ చదివి ఉత్తర్వులో చూసుకుంటే, చెవిన పడినదాన్నే కన్ను చూసి సరే అనేస్తుంది.

ఎక్కువగా జారిపోయేది చివరి అక్షరం. "బి" లేకపోతే అది ఆఫీసులో వేరే సీటు ఫైలు కావచ్చు. 214/2ఎ కు బదులు 214/2 అని పడితే, మీది కాని భూమికి కూడా ఉపశమనం అడిగినట్టవుతుంది. తేదీలో ఇంకో తికమక ఉంటుంది. ఉత్తర్వు మీద ఉన్న తేదీ ఒకటి, దాన్ని క్లయింటు అందుకున్న తేదీ ఒకటి. ప్రేయర్‌లోకి వెళ్లాల్సింది ఉత్తర్వు మీది తేదీ. అందుకున్న తేదీ అఫిడవిట్ పేరాలో ఉంటే చాలు.

జిల్లా పేరు దగ్గర ప్రత్యేకంగా ఆగండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. చీరాల అంతకుముందు ప్రకాశం జిల్లాలో ఉండేది, ఆనాడు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. క్లయింటు తెచ్చిన పాత పాస్‌బుక్‌లో, రిజిస్టర్డ్ దస్తావేజులో ప్రకాశం జిల్లా అని ఉంటుంది. 2024 నాటి ఉత్తర్వు మీద బాపట్ల జిల్లా అని ఉంటుంది. పిటిషనర్ల చిరునామా పాస్‌బుక్ చూసి, ప్రేయర్ ఉత్తర్వు చూసి టైపు చేస్తే, ఒకే ఊరు రెండు జిల్లాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండో రెస్పాండెంట్‌గా ఏ జిల్లా కలెక్టర్‌ను చేర్చాలో కూడా దీనిమీదే ఆధారపడి ఉంది. పార్టీల చిరునామాలకూ అధికారుల హోదాలకూ ఇప్పటి జిల్లా రాయండి. భూమి వివరం దగ్గర "బాపట్ల జిల్లా (పూర్వపు ప్రకాశం జిల్లా)" అని ఒకసారి రాస్తే దస్తావేజులతో పొంతన కుదురుతుంది. డాకెట్ షీటు పైన వేసే జిల్లా పేరు కూడా మార్చారా అని చూడండి, అక్కడ పాతదే మిగిలిపోతుంటుంది. తెలంగాణ కేసుల్లోనైతే 2016 అక్టోబరు నాటి జిల్లాల విభజన వల్ల ఇదే చిక్కు వస్తుంది.

పాత నమూనాల వల్ల కోర్టు పేరు కూడా తప్పిపోతుంది. రెండు రాష్ట్రాలకూ వేర్వేరు హైకోర్టులు 2019 జనవరి 1 నుంచి పనిచేస్తున్నాయి. అంతకుముందు ఫైళ్ల నుంచి కాపీ చేసిన డ్రాఫ్టుల్లో ఉమ్మడి హైకోర్టు శీర్షిక, ఐ.ఏ. బదులు డబ్ల్యు.పి.ఎం.పి. అన్న మాట అక్కడక్కడా తగులుతుంటాయి. అఫిడవిట్ మీద దిద్ది, డాకెట్ మీద వదిలేయడం మామూలుగా జరిగేది. జనవరిలో ఫైల్ చేసేటప్పుడు నెంబరు పక్కనున్న సంవత్సరం కూడా చూసుకోండి.

మధ్యంతర ప్రేయర్‌ను విడిగా చూడకుండా, ప్రధాన ప్రేయర్ పక్కన పెట్టి చూడాలి. అంకెలు కలవడం ఒక్కటే సరిపోదు, అడిగే విషయం కూడా ప్రధాన ప్రేయర్ లోపలే ఉండాలి. మధ్యంతర ఉపశమనం ప్రధాన ఉపశమనానికి తోడుగా ఉండాలన్నది మదన్ గోపాల్ రుంగ్టా కేసులో సుప్రీంకోర్టు 1951లోనే చెప్పిన మాట. మన డ్రాఫ్ట్‌లో ప్రధాన ప్రేయర్ ఉత్తర్వుల రద్దు, పేర్ల పునరుద్ధరణ కోరుతోంది. మధ్యంతర ప్రేయర్ మాత్రం పక్క రైతు భూమిలోకి రాకుండా ఆపమంటోంది. స్వాధీనం గురించి ప్రధాన ప్రేయర్‌లో ఒక్క మాటా లేదు, పైగా ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య స్వాధీన తగాదాకు సివిల్ కోర్టుకు వెళ్లమనే అంటారు. ఇక్కడ సరైన మధ్యంతర ప్రేయర్, 3, 4 రెస్పాండెంట్ల ఆ రెండు ఉత్తర్వుల అమలును రిట్ తేలేదాకా నిలిపివేయమని అడగడం. రెండు ప్రేయర్లలోనూ ఉత్తర్వుల నెంబర్లు, తేదీలు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి కాబట్టి, ఐ.ఏ.లో మళ్లీ టైపు చేయకుండా సరిచూసిన ప్రధాన ప్రేయర్ నుంచే కాపీ చేయండి.

తప్పు దొరికాక ఎలా దిద్దాలన్నది, అది ఏ దశలో దొరికిందన్నదాన్ని బట్టి ఉంటుంది. అఫిడవిట్ మీద ప్రమాణం జరగకముందైతే పేజీ మార్చేయవచ్చు. ప్రమాణం జరిగాక మాత్రం ప్రేయర్ ఉన్న పేజీ తీసి కొత్త పేజీ పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. దిద్దుబాటు పక్కన ప్రమాణం చేసిన వ్యక్తీ, అటెస్ట్ చేసినవారూ పొట్టి సంతకాలు పెట్టాలి, పేజీ కింద దిద్దుబాట్ల సంఖ్య మార్చాలి. ఆర్డీవో ఉత్తర్వును ప్రేయర్‌లో చేర్చడంలాంటి పెద్ద మార్పు అయితే కొత్త అఫిడవిట్ తీసుకోవడమే మేలు. రిజిస్ట్రీ రిటర్న్ చేసిన కాగితాల మీద దిద్దేటప్పుడు ఒరిజినల్‌తోపాటు అన్ని సెట్లూ, గవర్నమెంట్ ప్లీడర్ ఆఫీసుకు ఇచ్చిన కాపీ కూడా దిద్దాలి. లేకపోతే విచారణ రోజున బెంచి ముందు ఒక ప్రేయర్, జీపీ చేతిలో ఇంకో ప్రేయర్ ఉంటాయి. నెంబరు పడిన తర్వాత తప్పు కనబడితే చేత్తో దిద్దే వీలు లేదు. కాజ్ టైటిల్‌కైనా ప్రేయర్‌కైనా సవరణ కోరుతూ ఐ.ఏ. వేయాలి, ఏ లైనులో ఏ మాటకు బదులు ఏ మాట రావాలో ఆ పిటిషన్‌లో యథాతథంగా రాయాలి. సవరణ అనుమతించాక నీట్ కాపీ దాఖలు చేసేటప్పుడు ఐ.ఏ. కాజ్ టైటిల్, డాకెట్ షీట్లు కూడా మార్చి ఇవ్వండి.